అనంతమ్మ గ్లాసులో వాసన

ఎల్.బి.నగర్ చౌరస్తాలో నిలబడి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ ఇంట్లో ఏ కూర ఉడుకుతున్నదో చెప్పగల ముక్కు ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. అది నా మొహానికి ఉంది. అల్మాస్‌గూడలో వాన వచ్చే సంగతి మబ్బుకంటే ముందు నాకు తెలిసేది. ఒకసారి మా బర్రె తప్పిపోతే వాసన పట్టుకుంటూ పెద్ద అంబర్‌పేట్ దాకా నడిచి తోలుకొచ్చాను. దారిలో అది ఏ చెరువులో నీళ్ళు తాగిందో కూడా దాని మూతి చూడకుండానే చెప్పాను. పెళ్ళిళ్ళలో బగారా అన్నం దించాలా, ఇంకో నిమిషం ఉంచాలా అని వంటవాళ్ళు నన్ను పిలిచి అడిగేవాళ్ళు. సిద్దిరాములు ముక్కు పెట్టి చెప్పాడంటే ఇక దానికి తిరుగులేదని మా చుట్టాలందరి నమ్మకం.

ఆ నమ్మకం మా చెల్లెలి ప్రాణం మీదికి తెచ్చింది. ఆ సంగతి చెబుతాను.

మా చెల్లెలు అనంతమ్మ నాకంటే ఏడేళ్ళు చిన్న. దిల్‌సుఖ్‌నగర్‌లో కొడుకు మహేష్, కోడలు శ్రీకళ దగ్గర ఉంటుంది. రొమ్ములో గడ్డ ఉందని తేలితే ఆపరేషన్ చేశారు. తరువాత ఇరవై ఒక్క రోజులకొకసారి మందు ఎక్కించాలన్నారు. మొత్తం ఆరుసార్లు. రెండోసారి ఎక్కించేసరికే జుట్టంతా రాలిపోయింది. తలకు తెల్ల రుమాలు కట్టుకుని కిటికీ పక్కన కూర్చునేది. ఎవరైనా జాలిగా చూస్తే, "నూనె ఖర్చు తప్పింది తియ్" అనేది.

ఆ మందు నడిచినన్నాళ్ళు ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి తక్కువగా ఉంటుంది, గిన్నెలు వేడినీళ్ళతో కడగండి అని దవాఖానలో చెప్పారు. శ్రీకళ కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతుంది. పొద్దున ఏడింటికి క్లాసు. ఆ పిల్ల ఎవరినీ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా పోయి గిన్నెలు కడిగే మిషన్ కొన్నది. నేను చూడడానికి వెళ్ళిన రోజు దాని తలుపు తెరిచి, లోపల అరలు లాగి, పైనా కిందా తిరిగే రెక్కలు చేత్తో తిప్పి చూపించింది.

"చూడున్రి మామయ్యా. కిందికెళ్ళి ఒక రెక్క, మీదికెళ్ళి ఒక రెక్క నీళ్ళు కొడ్తయి. అత్తమ్మ గ్లాసుకు ఎవ్వరి చెయ్యి తగలదు ఇగ."

గుడి కట్టించినదాని మొహంలో ఉండే సంతోషం ఆ రోజు దాని మొహంలో చూశాను.

నెల గడిచాక అనంతమ్మ గ్లాసు వాసన వస్తోందని అనడం మొదలుపెట్టింది. నీళ్ళు నోటి దగ్గరికి తీసుకుని మళ్ళీ కింద పెట్టేది. పళ్ళెం వాసన, గిన్నె వాసన, చెంచా వాసన. అడిగితే, "నీసు, అన్నా. తడిగుడ్డ మూట గట్టి మర్చిపోతె ఒచ్చే వాసన లేదూ, దాంట్ల గుడ్డు నీసు కలిసినట్టు" అనేది.

దవాఖానలో చెబితే, ఈ మందుకు నోటి రుచి, ముక్కు వాసన మారిపోతాయి, చాలామందికి నీళ్ళు కూడా ఇనుము వాసన కొడతాయి అన్నారు. అది నిజమే. పక్క మంచాల మీది వాళ్ళు కూడా అదే చెప్పారు. అబద్ధమైతే ఎవరో ఒకరు అనుమానించేవాళ్ళు. నిజం కాబట్టి అందరం దాని చాటున హాయిగా కూర్చున్నాం.

శ్రీకళకు మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అంత ఇష్టంగా కొన్న మిషన్‌లో కడిగిన గ్లాసు వాసనంటే, తన చెయ్యి వాసన అన్నట్టే వినిపించింది. ఇంట్లో గిన్నెల చప్పుడు పెరిగింది. మాటల చప్పుడు తగ్గింది.

మహేష్ ఒక ఆదివారం నాకు ఫోన్ చేశాడు. "మామా, నీ ముక్కుకు పని పడ్డది. జర ఒచ్చి చెప్పిపో. ఇంట్ల రోజు గిదే లొల్లి."

వెళ్ళాను. ముగ్గురూ నిలబడ్డారు. శ్రీకళ అప్పుడే కడిగిన గ్లాసు తీసి పంచాయతీ ముందు సాక్ష్యం పెట్టినట్టు నా చేతికిచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. గ్లాసులో ముక్కు పెట్టి, గాలి లోపలికి పీల్చి, కాసేపు ఆపి, వదిలాను.

"ఏం లేదు. కడిగిన ముత్యం" అన్నాను.

ఇక్కడ మీకు ఒక మాట చెప్పేయాలి, దాచి లాభం లేదు. కరోనా ఏడాది జ్వరం వచ్చి పోయిన తరువాత నా ముక్కు పనిచెయ్యడం మానేసింది. మల్లెపూలూ లేవు, మురికి కాలువా లేదు. ముక్కు ఉన్నది కళ్ళజోడు నిలబెట్టుకోవడానికే. ఇంకా చెప్పాలంటే అంతకుముందు కూడా అది మీ ముక్కు లాంటిదే. బర్రె దొరికింది మా ఇంటి వెనకాల గడ్డివాము చాటున. బగారా అన్నం సంగతి వంటవాడి మొహం చూసి చెప్పేవాణ్ణి. అయినా నలభై ఏళ్ళు ముక్కు మీద బతికినవాడు, అది పోయిందని ఎట్లా చెప్పుకుంటాడు? మా ఆవిడ పూలమ్మకు కూడా చెప్పలేదు.

అనంతమ్మ నా చేతిలోంచి గ్లాసు తీసుకుంది. "నువ్వు చెప్తే లేనట్టే అన్నా" అంది.

అంతే. ఆ రోజు నుంచి వాసన అన్న మాట మళ్ళీ ఎత్తలేదు. తినడం మానేసింది.

మూడో మందు ఎక్కించిన రెండు వారాలకు బరువు చూశారు. ఐదు కిలోలు తగ్గింది. దవాఖానలో ఏం తినాలో రాసిచ్చే విజయదుర్గ అనే అమ్మాయి, కోస్తా వైపు మనిషి, మమ్మల్ని పక్కకు పిలిచింది.

"పెద్దాయనా, కోప్పడుతున్నానని అనుకోకండి. వచ్చే గురువారం నాలుగో మందు ఎక్కించాలి. బరువు ఇంకా తగ్గిందంటే డాక్టరుగారు వాయిదా వేసేస్తారు. వాయిదా పడితే మంచిది కాదు. తినలేకపోతోందని అలా వదిలేస్తే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సొస్తుంది. రోజూ రెండు గుడ్లు, రాగిజావ, పెరుగు. ఎలాగైనా సరే తినిపించండి."

మొదటి మందు నుంచీ గుడ్డు, రాగిజావ పెడుతూనే ఉన్న శ్రీకళ ఆ మాట పట్టుకుని రెట్టింపు చేసింది. పొద్దున గుడ్లు, పదకొండింటికి రాగిజావ, సాయంత్రం మళ్ళీ జావ. అనంతమ్మ రెండు చెంచాలు మింగి పక్కకు పెట్టేది. మిగిలిన జావ గిన్నెతో సహా మిషన్‌లోకి పోయేది.

సోమవారం నాడు పూలమ్మ జొన్నరవ్వతో గట్టిగా గటక వండి, వేడివేడిగా మా టిఫిన్ డబ్బాలో పెట్టి ఇచ్చింది. "మీరిద్దరు చిన్నప్పటి సంది తిన్నదే కదా, తింటదేమో చూడు" అంది. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి మూడో స్టేషన్‌లో దిగి వెళ్ళాను. ఇంట్లో అనంతమ్మ ఒక్కతే ఉంది. కణతలు లోపలికి పోయాయి. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

డబ్బా మూత తీశాను. తొంగి చూసింది. పళ్ళెం తీసుకురమ్మనలేదు. డబ్బాలోనే చెయ్యి పెట్టి ఒక ముద్ద తిన్నది. రెండోది తిన్నది. నేను ఏమీ పట్టనట్టు గోడ వైపు చూశాను. నాలుగు ముద్దలు తిన్నది.

అప్పుడే శ్రీకళ క్లాసు ముగించుకుని వచ్చింది. అత్త తినడం చూసి సంచి కూడా కింద పెట్టకుండా పరుగున వచ్చింది.

"అయ్యో అత్తమ్మా, గట్ల డబ్బాల తినుడేంది, అడుగుకు చెయ్యి అందుతలేదు" అని మిషన్ తెరిచి పళ్ళెం తెచ్చి, మిగిలిన గటక అందులో వంచి, ముందు పెట్టింది. గటక ఇంకా వేడిగానే ఉంది.

అనంతమ్మ ముద్ద కలిపింది. పైకెత్తింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. లేచి సింకు దగ్గరికి పోయేలోపే తిన్న నాలుగు ముద్దలూ బయటికి వచ్చాయి.

శ్రీకళ ఆమె వీపు రాస్తూ నిలబడింది. అత్తను కుర్చీలో కూర్చోబెట్టిన తరువాత నా వైపు తిరిగింది. "నేను పెట్టింది ఏదీ ఒంటబట్టదు మామయ్యా ఆమెకు. మీరు తెస్తే తింటది. నేను పళ్ళెంల వెయ్యంగనే..." అని గుడ్డ తెచ్చి నేల తుడవసాగింది.

నేను ఆ పళ్ళెం వైపు చూస్తూ ఉండిపోయాను. గటక అదే. వండిన చెయ్యి అదే. తిన్న నోరు అదే. మందు మార్చిన నోరైతే డబ్బాలో ఉన్నదాన్ని కూడా కక్కాలి కదా. మధ్యలో మారింది పళ్ళెం ఒక్కటే.

"అనంతా, వాసన ఇంకా ఒస్తుందా?" అని అడిగాను.

ఆమె కళ్ళు మూసుకునే జవాబిచ్చింది. "ఒస్తుంది. రోజూ ఒస్తుంది. నువ్వు లేదన్నవు కదన్నా. నా ముక్కే ఖరాబైంది, నా తలకాయే ఖరాబైందనుకున్న. ఇగ చెప్పుడెందుకని ఊకున్న."

మా ఊరి బడిలో పంతులు కొట్టిన దెబ్బలన్నీ కలిపినా ఆ మాటంత తగలలేదు.

"నీ ముక్కు మంచిగనే ఉన్నది. ఖరాబైంది నాది. కరోనా జ్వరమప్పటి సంది నాకు వాసనే తెల్వదు. ఆ దినం గ్లాసుల ముక్కు పెట్టి ఉత్తగనే చెప్పిన."

ఇద్దరూ నన్నే చూశారు. "వదినెకు తెల్వదా?" అంది అనంతమ్మ.

"తెల్వదు."

"గిన్ని ఏండ్లా?"

"గిన్ని ఏండ్లు."

శ్రీకళ నా మీదికి తిరిగింది. పెద్దవాళ్ళ ముందు ఎన్నడూ గొంతెత్తని పిల్ల. "మీరు ఒక్క మాట తెల్వదంటె అయిపోతుండె కదా మామయ్యా! మీ మాట పట్టుకొని నేను గీమెను ఎంత సతాయించిన! తినవెందుకు, నాటకమా అని కూడ అన్న. నిన్ననే అన్న."

తల దించుకున్నాను. నాకు నవ్వులాట తప్ప వేరే మాట చేతకాదు, అక్కడ నవ్వులాటకు చోటు లేదు.

శ్రీకళ చీర కొంగుతో కళ్ళు తుడుచుకుని మిషన్ దగ్గరికి పోయింది. తలుపు తెరిచి, కింది అర బయటికి లాగి, మోకాళ్ళ మీద కూర్చుని తల లోపలికి పెట్టింది. కాసేపు అలాగే ఉంది. తరువాత తల బయటికి లాగి ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఉన్నది, అత్తమ్మా" అంది. "రోజూ తెరుస్తున్న కదా, అలవాటైపోయింది. నిజంగనే ఉన్నది."

అనంతమ్మ కళ్ళల్లో నీళ్ళు అప్పుడు వచ్చాయి. వాంతి అయినప్పుడు రాలేదు.

గజేందర్‌కు ఫోన్ చేశాను. మా అల్మాస్‌గూడ పిల్లవాడే, ఇప్పుడు నలభై దాటినవాడు. ఎల్.బి.నగర్‌లో దుకాణం పెట్టి ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు, ఈ గిన్నెల మిషన్లు బాగుచేస్తాడు. ఒంటిగంటకు వస్తానన్నాడు, రెండింటికి వచ్చాడు. వాడి లెక్కలో అది ముందుగా రావడమే.

"ముందుగాల కరెంటు ప్లగ్గు తీయున్రి. నీళ్ళ నల్లా బంద్ చేయున్రి" అన్నాడు. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకున్నాడు. కింది అర పూర్తిగా బయట పెట్టి, అడుగున గ్లాసు ఆకారంలో ఉన్న జాలీని ఎడమకు తిప్పి పైకి తీశాడు.

"అది నేను ప్రతి ఆదివారం కడుగుత" అంది శ్రీకళ వెంటనే.

"తెలుస్తుంది అక్కా, సాఫుగనే ఉన్నది. కథ దీని కింద ఉన్నది." వాడు జాలీ తీసిన గుంతలోకి టార్చి వేశాడు. "ఇంటి ముందట నీళ్ళ సంపు ఉంటది కదా, గట్లనే దీనికి కూడ చిన్న సంపు. గీడ నిలవడ్డ నీళ్ళనే పంపు గుంజి రెక్కలకు పంపుతది. రెక్కలు గిన్నెల మీద కొడ్తయి. మళ్ళ గా నీళ్ళే కిందికి ఒస్తయి, మళ్ళ మీదికి పోతయి. జరన్ని నీళ్ళు ఎప్పటికీ ఉంటయి, దానికి ఫికర్ లేదు. కాని గివి నీళ్ళు కావు."

చిన్న కప్పుతో తోడి తెల్ల గిన్నెలో పోశాడు. గోధుమ రంగు జిగురు. అడుగుకు పోయేకొద్దీ చిక్కబడింది. స్పాంజితో మిగిలింది పీల్చి, వేళ్ళతో మెల్లగా వెతికాడు. "గాజు పెంకులుంటయి ఒక్కొక్కసారి, ఊకె చెయ్యి పెట్టొద్దు" అన్నాడు. గాజు రాలేదు. కరివేపాకు ఈనెలు వచ్చాయి. గుడ్డు పెంకు ముక్కలు వచ్చాయి. ఉడికిన తెల్లసొన పేలికల్లా వచ్చింది. దాన్నంతా పట్టి ఉంచింది రాగిజావ.

శ్రీకళ ఆ గిన్నె వైపు చూస్తూ గోడకు ఆనుకుంది. అత్త బతకాలని రోజూ వండిపెట్టినవి అక్కడ కుళ్ళి, తిరిగి తిరిగి అత్త గ్లాసు మీదికే పోయాయని దానికి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేకపోయింది.

గజేందర్ కింది రెక్క పట్టుకుని నిలువుగా పైకి లాగాడు, ఊడి వచ్చింది. పై రెక్కకు ఉన్న ప్లాస్టిక్ నట్టు తిప్పి దాన్నీ తీశాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే గలగలమంది.

"ఇనున్రి పెదబాపూ, చంటిపిల్లల గిలక."

"ఏందిర లోపల?"

"పోపు." రెక్క వెలుతురుకు ఎత్తి చూపించాడు. వరుసగా ఉన్న సన్నటి రంధ్రాల్లో సగం మూసుకుపోయి ఉన్నాయి. ఒక్కో రంధ్రంలో ఒక్కో ఆవగింజ, కొలిచి పెట్టినట్టు. "నీళ్ళు సరిగ్గ కొట్టక, రెక్క సరిగ్గ తిరగక, కడిగిన మురికి కడిగినకాన్నే ఉంటది."

నేను ఊరుకోలేక దబ్బనం తెమ్మంటావా అని అడిగాను. "వద్దు, బొక్కలు పెద్దగైతయి" అని పళ్ళు కుట్టుకునే పుల్లలు అడిగాడు. బకెట్‌లో వేడినీళ్ళు పోసి, సిర్కా, అదే వెనిగర్, కలిపి, రెక్కలు రెండూ ముంచాడు. అవి నానేలోపు తలుపు దగ్గర కూర్చున్నాడు.

తలుపు మూసినప్పుడు నీళ్ళు కారకుండా చుట్టూ ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. పైకి నల్లగా, శుభ్రంగానే ఉంది. వాడు వేలితో దాని మడత విప్పాడు. లోపల వెంట్రుక మందాన బంక. తలుపు అడుగు అంచున అయితే వేలి మందం ఉంది. "గీడికి రెక్కల నీళ్ళు రానే రావు. మిషన్ ఒళ్ళంత కడుగుతది, గిది మాత్రం మనమే కడగాలె."

"బ్లీచింగ్ పౌడర్ ఏస్తె ఒక్క దెబ్బకు పోతది కదర?" అన్నాను.

"అమ్మో, గా పని చెయ్యకున్రి! స్టీలు ఖరాబైతది. సిర్కాల కలిసిందంటె విషపు గాలి ఒస్తది. ఇంట్ల పేషెంటున్నది."

ఆ ఇంట్లో నా సలహాల విలువ అప్పటికే అందరికీ తెలిసిపోయింది.

శ్రీకళ వచ్చి కింద కూర్చుంది. "నాకియ్యి గజేందరన్నా, నేను చేస్త" అంది. పాత టూత్‌బ్రష్‌తో, గోరువెచ్చని నీళ్ళలో ఒక చుక్క సబ్బు వేసి, రబ్బరు మడతను జానెడు జానెడు విప్పుతూ రుద్దింది. మూల దగ్గర ఆగి రెండుసార్లు రుద్దింది. గుడ్డతో తుడిచింది, గుడ్డ నల్లగా వచ్చింది, ఉతికింది, మళ్ళీ తుడిచింది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఆపలేదు.

"అక్కా, ఒక మాట అడుగుత. కడుగుడైనంక తలుపు మూసి పెడ్తున్నరా?" అన్నాడు గజేందర్.

"అవును. గట్టిగ మూస్త. బొద్దింకలు దూరుతయని."

"గదే తప్పు. తడి లోపల్నే ఉంటది, ఆరదు. జానెడంత తెరిచి పెట్టాలె."

కిటికీ దగ్గరి నుంచి అనంతమ్మ అంది: "నేనే చెప్పిన. కడిగిన గిన్నె నోరు తెరిచి పెట్టొద్దని. కాపురానికి ఒచ్చిన దినమే చెప్పిన. గా పిల్ల నా మాట ఎన్నడు జవదాటలె."

కోడలు బ్రష్ పట్టుకుని అలాగే కూర్చుంది. అత్త మళ్ళీ అంది, ఈసారి మెల్లగా: "లే బిడ్డా, మోకాళ్ళు నొస్తయి."

ఇంకో తప్పు కూడా బయటపడింది. పొద్దున క్లాసుకు ఆలస్యమవుతుందని శ్రీకళ ఎప్పుడూ ముప్ఫై నిమిషాల బటనే నొక్కేది. ఆ తక్కువ వేడికి నూనె, గుడ్డు, జావ కరగవని, గిన్నెల్లో మిగిలింది ముందే తీసి పారేసి, వేడి ఎక్కువగా ఉండే దానిమీద పెట్టాలని గజేందర్ చెప్పాడు.

నానిన రెక్కలు తీసి పుల్లతో ఒక్కొక్క గింజా తోశాడు. తరువాత నల్లా కింద పట్టుకుంటే ప్రతి రంధ్రం నుంచి సన్నటి నీటి ధార లేచింది. ఊపితే చప్పుడు లేదు. రెక్కలు, జాలీ తిరిగి బిగించి, రెక్కను వేలితో తోసి చూశాడు. ఎక్కడా తగలకుండా తిరిగింది. పై అరలో ఒక గిన్నెడు సిర్కా నిలబెట్టి, గిన్నెలు ఏమీ పెట్టకుండా, డెబ్బై డిగ్రీల వేడి మీద మిషన్ వేశాడు. "రెండు గంటల పైనే పడ్తది. అయినంక గిన్నెలన్ని మళ్ళొకసారి గిదే వేడి మీద కడగున్రి" అని చెప్పి లేచాడు. పోతూ పోతూ నా చెవి దగ్గర, "పెదబాపూ, మీ ముక్కు గట్టిది కదా, మీకు ముందే తెల్వలేదా?" అన్నాడు.

"తెల్వలేదుర. మా చెల్లెది నాకంటె గట్టిది" అన్నాను.

మొదట ఖాళీగా, తరువాత గిన్నెలతో. రెండుసార్లూ తిరిగి పూర్తయ్యేసరికి రాత్రి ఎనిమిది దాటింది. మహేష్ కూడా ఆఫీసు నుంచి వచ్చాడు. జరిగింది చెబితే షూ విప్పకుండా గుమ్మంలోనే కూర్చుండిపోయాడు.

శ్రీకళ తలుపు తెరిచి అనంతమ్మ గ్లాసు తీసింది. అందులో వేడినీళ్ళు పోసింది. "వేడికే వాసన ఎక్కువ తెలుస్తది" అంది. గ్లాసు నాకు ఇవ్వలేదు. మహేష్‌కు ఇవ్వలేదు. తను కూడా చూడలేదు. తీసుకుపోయి అత్త చేతిలో పెట్టింది.

అనంతమ్మ గ్లాసు మొహం దగ్గరికి తీసుకుంది. ఆవిరి ఆమె కళ్ళకు తగులుతోంది. మేం ముగ్గురం ఆమె మొహాన్నే చూస్తున్నాం. ఆ గదిలో ఆ రోజు ముక్కంటూ ఉన్నది ఒక్కతికే.

"ఇనుము వాసన ఒస్తుంది" అంది.

శ్రీకళ మొహం వాడిపోయింది.

"అది మందుది. అది పోదు. నీసు లేదు" అంది అనంతమ్మ. ఒక గుక్క తాగింది. ఆగింది. ఇంకో గుక్క తాగింది. "లేదు బిడ్డా. నీసు లేదు."

శ్రీకళ వంటింట్లోకి పోయి మెత్తగా అన్నం వండింది. చారు పోసి, కొత్తగా కడిగిన గిన్నెలో తెచ్చి పెట్టింది. అనంతమ్మ గిన్నె దగ్గరికి లాక్కుని, గిన్నె ఊడ్చి తిన్నది. మేం ఆమె చెంచా చప్పుడు వింటూ కూర్చున్నాం.

ఆ రాత్రి ఇంటికి పోయి పూలమ్మకు ముక్కు సంగతి చెప్పాను. ఆమె తమలపాకుకు సున్నం రాస్తూ తల కూడా ఎత్తలేదు. "నాకెన్నడో ఎరుకే. మాడిన పప్పు తిని బాగున్నదని మెచ్చుకున్నప్పుడే ఎరుకైంది. నువ్వే చెప్తవేమోనని చూస్తున్న" అంది.

గురువారం దవాఖానలో అనంతమ్మను బరువు మిషన్ మీద నిలబెట్టారు. విజయదుర్గ వంగి అంకె చూసింది, కాగితం చూసింది, మళ్ళీ అంకె చూసింది. "తగ్గలేదు. పెరగలేదు కానీ తగ్గలేదు. చాలు" అంది. పదకొండింటికి నాలుగో మందు ఎక్కించారు. శ్రీకళ ఆ రోజు క్లాసు మానుకుని ఆమె మంచం పక్కనే కూర్చుంది. ఇంకా రెండు మందులు ఉన్నాయి. ఏమవుతుందో మాకెవరికీ తెలియదు, డాక్టర్లకు కూడా తెలియదు.

ఈ కథలో నేను కల్పించింది ఒకటుంది, చెప్పకపోతే నిద్రపట్టదు. బర్రె సంగతి కాదు, దాన్ని ముందే ఒప్పుకున్నాను. అనంతమ్మ గిన్నె ఊడ్చి తిన్నదని రాశాను చూడండి, అది అబద్ధం. ఆరు చెంచాలు తిన్నది. ఏడోది నోటిదాకా తీసుకుపోయి కింద పెట్టేసింది. గిన్నెలో సగానికి పైగా మిగిలింది. శ్రీకళ దాన్ని తీయబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టి, "ఉంచు బిడ్డా, జరసేపైనంక తింట" అంది. అది మాత్రం నేను కల్పించలేదు.